భారతం మధ్యలో గొంతు పోతే: భాగవతార్ కమిటీకి రాయాల్సిన మెయిల్, కథను కుదించే పద్ధతి

చిత్తూరు, తిరుపతి వైపు ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం వచ్చిందంటే భారతం మొదలవుతుంది. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. హరికథ చెప్పే భాగవతార్ రోజుకు రెండు మూడు గంటలు, ఎండలో, వేడిగాలిలో, ఒక్కరోజు కూడా సెలవు లేకుండా పాడాలి, మాట్లాడాలి. మధ్యలో గొంతు పోవడం ఇక్కడ కొత్త సంగతి కాదు. పోయిన తర్వాత కమిటీకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే చాలామందికి తెలియదు.

నేను ఉత్సవ కమిటీలో ఉత్తరాలూ మెయిళ్లూ చూసేవాణ్ణి. గొంతు పోయిన వాళ్ల దగ్గర నుంచి వచ్చే కబుర్లు మామూలుగా రెండు రకాలు. ఒకటి, ‘ఆరోగ్యం బాగాలేదు, క్షమించాలి’ అని రెండు ముక్కలు. రెండోది, జ్వరం ఎప్పుడు మొదలైందో, ఏ మాత్రలు వేసుకున్నారో, ఎవరెవరు ఏ కషాయం చెప్పారో రెండు పేజీలు. ఈ రెండింటితోనూ కమిటీకి పని జరగదు. మాకు తెలియాల్సినవి వేరు: రేపు కథ ఉంటుందా, ఎన్ని నిమిషాలు ఉంటుంది, ఏ ఘట్టం చెప్తారు, మిగతా సమయం ఎవరు నిలబడతారు. ఈ నాలుగూ ఉన్న మెయిల్ వస్తే ఒక గంటలో నిర్ణయం చెప్పగలం. అలాంటి మెయిల్ రాయడానికి ఏం చేయాలో, ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

ఉదాహరణ ఇది. ఐదో రోజు లక్క ఇల్లు కథ చెప్తుండగా భాగవతార్ గొంతు బొంగురుపోయింది. మంగళం పాడే సమయానికి పై స్థాయి పలకడమే లేదు. ఆరో రోజు బకాసుర వధ, ఏడో రోజు ద్రౌపదీ కల్యాణం, ఎనిమిది సుభద్రా కల్యాణం, తొమ్మిది రాజసూయం, పది వస్త్రాపహరణం, పదకొండు అర్జున తపస్సు. ఈ వరుస ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది. మన ఉదాహరణకు ఇది పెట్టుకుందాం. భాగవతార్‌కు పాటలు అందుకునే శిష్యుడు ఒకడు, మృదంగం, వయొలిన్ ఉన్నాయి.

ముందు గొంతుకు ఏమైందో తేల్చుకోవాలి

మెయిల్‌లో రాసే ప్రతి అంకె దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లవి 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పద్యం పై స్థాయికి వెళ్లినప్పుడు ఆ లెక్క ఇంకా చాలా పెరుగుతుంది. వాచి ఉన్న తంత్రులతో గంటసేపు పద్యాలు లాగితే ఆ వాపు మీదే లక్షల దెబ్బలు పడతాయి. ‘ఎలాగో ఇవాళ లాగించేద్దాం’ అనుకున్న ఒక్క మధ్యాహ్నం మిగిలిన రోజులన్నింటినీ మింగేసేది అందుకే.

జలుబు, దగ్గు, ఒళ్లు వెచ్చబడటం వీటితోపాటు మెల్లగా బొంగురు వస్తే అది మామూలుగా స్వరపేటిక వాపు. ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, వారం రెండు వారాల్లో తగ్గుతుంది. యాంటీబయాటిక్ మాత్రలతో దీనికి పెద్దగా ఉపయోగం ఉండదు. ఇలాంటప్పుడు డాక్టరు ఒప్పుకుంటే చిన్న కార్యక్రమం ప్రతిపాదించవచ్చు.

గట్టిగా పద్యం ఎత్తుకున్నప్పుడో, అరిచినప్పుడో ఉన్నట్టుండి గొంతు తెగినట్టు పోతే సంగతి వేరు. నొప్పి లేకపోవచ్చు కూడా. అది స్వరతంత్రిలో రక్తనాళం చిట్లడం కావచ్చు. అప్పుడు కుదించిన కార్యక్రమం అనే మాటే వద్దు. ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో తంత్రులను చూసి సరేననేదాకా పూర్తి మౌనమే. ఊపిరి ఆడకపోవడం, మింగలేకపోవడం, ఉమ్మిలో రక్తం, మెడలో గడ్డ కనిపిస్తే మెయిల్ సంగతి ఇంట్లోవాళ్లకు వదిలేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు వెల్లూరు సీఎంసీ దగ్గర. బొంగురు మూడు వారాలు దాటితే ఎవరైనా చూపించుకోవాల్సిందే. గొంతుతో బతికేవాళ్లు అంతవరకూ ఆగకూడదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘రేపు కథ ఉంది, ఒక ఇంజెక్షన్ వేయండి’ అని అడిగి స్టెరాయిడ్ వేయించుకునేవాళ్లు ఉన్నారు. వాపు త్వరగా దిగుతుంది, గొంతు తిరిగి వచ్చినట్టే ఉంటుంది. లోపల దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది, పాడేవాళ్లకు అది తెలియదు. తంత్రులను చూడకుండా ఆ సూది జోలికి పోవద్దు. గొంతు మొద్దుబారే బిళ్లలు చప్పరించి వేదిక ఎక్కడమూ ఇలాంటిదే. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు.

మౌనం అంటే గుసగుస కూడా కాదు. గుసగుసలాడేటప్పుడు చాలామంది స్వరపేటికను మరింత బిగిస్తారు. పలకో నోట్‌బుక్కో పక్కన పెట్టుకోవడం మంచిది. గొంతు సవరించుకోవడమూ మానాలి, దగ్గు వచ్చినట్టు ఉంటే ఒక గుక్క నీళ్లు తాగాలి. కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల కషాయం తాగడం మనవాళ్లకు అలవాటే. నోటికి, గొంతుకు హాయిగా ఉంటుంది. కానీ మింగింది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. నీళ్లు కూడా అంతే, ఒంట్లో తడి పెరిగాకే తంత్రులకు మేలు చేస్తాయి. కాబట్టి వేదిక ఎక్కే ముందు లీటరు తాగేకన్నా పొద్దున్నుంచి కొంచెం కొంచెం తాగడమే పని చేస్తుంది.

ఐదో రోజు సాయంత్రమే ఒక చిన్న కబురు

పూర్తి మెయిల్ డాక్టరును చూశాకే రాయాలి. కానీ అంతవరకూ కమిటీని చీకట్లో ఉంచకూడదు. ఆరో రోజు కథకు ఊరంతా మైకులో చాటింపు వేసేస్తారు. అందుకని ఆ సాయంత్రమే కార్యదర్శికి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు వెళ్లాలి:

> కార్యదర్శి గారికి నమస్కారం. ఇవాళ కథ చివర గొంతు బాగా బొంగురుపోయింది. రేపు పొద్దున ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుంటున్నాను. రేపటి బకాసుర వధ కథ మా శిష్యుడు గంటసేపు చెప్తాడు, నేను వేదిక మీద కూర్చుంటాను, మాట్లాడను. ఏడో రోజు నుంచి ఎలా అన్నది రేపు సాయంత్రం 6 గంటలలోపు మెయిల్ చేస్తాను.

బకాసుర వధ రోజు శిష్యుడి మీద వదిలేయడానికి కారణం ఉంది. ఆ రోజు జనమంతా అన్నం, పిండివంటలు వేసుకుని భీముడు ఎక్కిన బండి వెంటే ఊరేగింపులో ఉంటారు. కథ గంటకు తగ్గినా ఎవరికీ వెలితి అనిపించదు. ఇలాంటి తెరిపి ఉన్న రోజు ఏదో భాగవతార్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. దాన్ని మౌనానికి వాడుకోవాలి.

కార్యదర్శి వెంటనే ఫోన్ చేస్తారు. ‘ఏమైంది సామీ’ అంటారు, అడగకుండా ఉండలేరు. ఆ ఫోన్ ఇంట్లోవాళ్లో శిష్యుడో ఎత్తాలి. భాగవతార్ ఎత్తి ఆ బొంగురు గొంతుతో పది నిమిషాలు వివరిస్తే రెండు నష్టాలు. కథ అయ్యాక గొంతుకు ఇచ్చిన విశ్రాంతి పోతుంది. ‘మాట్లాడుతున్నాడుగా, కథ చెప్పలేడా’ అనే అనుమానమూ మొదలవుతుంది.

నిమిషాల లెక్క ఎలా తేలుతుంది

ఆరో రోజు పొద్దున డాక్టరు చూసి, ‘వాపు ఉంది, రక్తనాళం చిట్లలేదు, తక్కువగా మాట్లాడండి, పై స్థాయి పాడొద్దు, ఐదు రోజుల తర్వాత మళ్లీ చూపించండి’ అన్నారనుకుందాం. తక్కువ అంటే ఎంత? డాక్టరునే అడగాలి. ‘ఒకేసారి ఎన్ని నిమిషాలు, రోజు మొత్తంలో ఎన్ని నిమిషాలు మాట్లాడవచ్చు’ అని ఈ రెండు అంకెలూ అడిగి రాయించుకోవాలి. మామూలుగా ‘విశ్రాంతి తీసుకోండి’ అని చీటీ రాసే డాక్టరు కూడా, ఇలా అడిగితే అంకె చెప్తారు.

డాక్టరు సరేనన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. సాయంత్రం పక్కన గడియారం పెట్టుకుని, మామూలు మాట స్థాయిలో, ఒక వచనాన్ని చదువుతూ పోవాలి. గొంతు గీసుకుపోయినట్టు మొదటిసారి అనిపించగానే ఆపేయాలి. మన ఉదాహరణలో 20వ నిమిషంలో ఆ గీత వినిపించింది. అంటే వేదిక మీద ఒకేసారి దానిలో సగం, 10 నిమిషాలు. ఎందుకు సగం అంటే వేదిక మీద ఎవరూ ఇంట్లో చదివినంత నెమ్మదిగా చదవరు. ఎదురుగా వెయ్యిమంది, పక్కన జనరేటరు, వెనక మృదంగం ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ గొంతు పెంచడం మనిషి స్వభావం, ఎంత అనుభవమున్నా ఆపుకోవడం కష్టం.

ఇలా 10 నిమిషాల చొప్పున మూడుసార్లు, రోజుకు 30 నిమిషాలు భాగవతార్ గొంతు. డాక్టరు చెప్పిన అంకెలూ ఇవేననుకుందాం. మధ్యలో ప్రతిసారీ కనీసం 10 నిమిషాల మౌనం. మిగతాది శిష్యుడి పాట, వాద్యాలు. అన్నీ కలిపితే 75 నిమిషాలు వచ్చింది. ‘సగానికి తగ్గిద్దాం’ అని గాలిలో వేసిన అంకెకూ దీనికీ తేడా ఏమిటంటే, కమిటీలో ఎవరైనా ‘రెండు గంటలు చేయలేరా’ అని అడిగినప్పుడు దీనికి జవాబు ఉంటుంది.

కథలో ఏది ఉంచాలి, ఏది వదలాలి

భారతంలో హరికథ విడిగా నిలబడే కార్యక్రమం కాదు. మధ్యాహ్నం కథలో విన్నదే రాత్రి నాటకంలో చూస్తారు, గుడిలో ఆ రోజు జరిగే తంతు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కాబట్టి సమయం కోసేటప్పుడు ఆ రోజు తంతుకు దారి చూపే ఘట్టం పోకూడదు. కోయాల్సింది పిట్టకథల్లో, వర్ణనల్లో, రాత్రి నాటకం ఎలాగూ విస్తారంగా ఆడే చోట.

ద్రౌపదీ కల్యాణం రోజు లెక్క ఇలా తేలుతుంది. ద్రుపదుడికీ ద్రోణుడికీ ఉన్న పాత పగ, స్వయంవరానికి వచ్చిన రాజుల వర్ణన, మత్స్యయంత్రం కొట్టాక రాజులతో జరిగిన యుద్ధం, ఈ మూడూ మామూలు రోజున గంటకు పైగా తింటాయి. ఈ మూడింటినీ ఒక్కొక్క వాక్యంతో దాటవచ్చు. కానీ బ్రాహ్మణ వేషంలో అర్జునుడు లేవడం, యంత్రం కొట్టడం, కుంతి నోట వచ్చిన మాట, వ్యాసుడు వచ్చి ఐదుగురికీ ఒకే భార్య ఎలా ధర్మమో చెప్పడం తప్పకుండా ఉండాలి. ఆ చివరి ముక్క లేకుండా కల్యాణపు పీటల దగ్గరికి వెళ్తే కథ విన్న పిల్లలు అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

పద్యాలు శిష్యుడికి, వచనం భాగవతార్‌కు. పద్యం పై స్థాయికి ఎక్కుతుంది, గొంతును లాగేది అదే. శిష్యుడు తన శ్రుతిలో పాడతాడు, గురువు మధ్యలో గొంతు కలపకూడదు. చేతిలో చిడతలు ఉంటే కలపకుండా ఉండటం చాలా కష్టం. ఆ నాలుగు రోజులూ చిడతలు శిష్యుడి చేతికే ఇవ్వడం మేలు.

మెయిల్

ఆరో రోజు సాయంత్రం వెళ్లే మెయిల్ ఇది. కార్యదర్శికి పంపి, అధ్యక్షుడికి, కోశాధికారికి కాపీ పెట్టాలి. వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకంటే, ఉత్సవం ఖర్చు పెట్టుకునే ఉభయదారుల్లో చాలామంది బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, కార్యదర్శి ఇదే మెయిల్‌ను వాళ్లకు పంపించేస్తారు. వాట్సాప్ గ్రూపులో పెడితే వందమంది వంద సలహాలు ఇస్తారు, అసలు సంగతి పైకి పోతుంది.

> విషయం: భారతం హరికథ, 7–10 రోజులు: గొంతు వాపు వల్ల రోజుకు 75 నిమిషాలు – మీ అంగీకారం ఇవాళ రాత్రి 9 లోపు కావాలి
>
> కార్యదర్శి గారికి నమస్కారం.
>
> రేపటి ద్రౌపదీ కల్యాణం కథ ఆగదు. అయితే రేపటి నుంచి పదో రోజు వరకు కథ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా కాకుండా 3.30 నుంచి 4.45 దాకా, 75 నిమిషాలు జరిపేందుకు మీ అంగీకారం కోరుతున్నాను.
>
> ఇవాళ ఈఎన్‌టీ డాక్టరు చూశారు. స్వరతంత్రుల్లో వాపు ఉంది. ఒకేసారి 10 నిమిషాలు, రోజుకు 30 నిమిషాలకు మించి మాట్లాడవద్దని, పద్యాలు పాడవద్దని చెప్పారు. పదకొండో రోజు పొద్దున మళ్లీ చూస్తారు.
>
> రేపటి వరుస:
> 3.30 ప్రార్థన, వయొలిన్, మృదంగం – శిష్యుడు
> 3.40 స్వయంవరం చాటింపు దాకా కథ – నేను
> 3.50 స్వయంవరం పద్యాలు, కీర్తన – శిష్యుడు
> 4.05 అర్జునుడు మత్స్యయంత్రం కొట్టడం – నేను
> 4.15 మృదంగం, దరువు – శిష్యుడు
> 4.25 కుంతి మాట, వ్యాసుడి ధర్మం – నేను
> 4.35 మంగళం – శిష్యుడు. ఉభయదారుల గోత్రనామాలు – కమిటీ వారు
> 4.45 ముగింపు
>
> మిగిలిన మూడు రోజులు కూడా ఇదే పద్ధతి. ఏ రోజుకు ఏ ఘట్టం అన్నది ముందురోజు రాత్రి పంపిస్తాను. రాత్రి నాటకానికి, గుడిలో జరిగే కల్యాణానికి దీనివల్ల సమయం మారదు.
>
> మీ నుంచి మూడు సాయాలు కావాలి. తలకు తగిలించుకునే మైకు ఒకటి, నా వైపు తిప్పిన చిన్న స్పీకరు బాక్సు ఒకటి మైక్ సెట్ వాళ్లతో చెప్పించండి. వేదిక ముందున్న ఫ్యాను నా ముఖానికి తగలకుండా పక్కకు పెట్టించండి. చదివింపుల చీటీలు కమిటీ సభ్యులు ఎవరైనా చదవాలి.
>
> నా సంభావనలో ఈ నాలుగు రోజులకు ఎంత తగ్గించాలో మీరే నిర్ణయించండి, నాకు అభ్యంతరం లేదు. శిష్యుడికి, వాద్యాల వారికి పూర్తిగా ఇవ్వాలని మనవి, వాళ్ల పని ఈ నాలుగు రోజులూ పెరుగుతుంది.
>
> గొంతు ఇంకా పాడైతే ఆ రోజు పొద్దున 10 గంటలకు ‘ఇవాళ మాట్లాడను’ అని మెసేజ్ పెడతాను. అప్పుడు శిష్యుడు ఒక్కడే 45 నిమిషాలు కథ నడిపి మంగళం పాడతాడు. దానికి వేరే ఎవరినీ పిలిపించాల్సిన పని లేదు.
>
> నేను ఫోన్ మాట్లాడటం లేదు. ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వండి, లేదా మా శిష్యుడికి ఫోన్ చేయండి.
>
> నమస్కారాలతో,
> మీ భాగవతార్

ఆ మెయిల్ అలా ఎందుకు ఉందంటే

‘కథ ఆగదు’ అన్నది మొదటి వాక్యంలోనే ఉంది. కార్యదర్శి మెయిల్ తెరిచేటప్పుడు ఆయన మనసులో ఉన్న భయం అదొక్కటే. భారతం మధ్యలో ఆగడం ఊరికి అరిష్టమని భావించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ భయం తీరకుండా గొంతు వాపు గురించి ఎంత రాసినా ఆయన కళ్లు కింది వరుసకే పరిగెత్తుతాయి.

ఆరోగ్యం గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. ఎవరు చూశారు, ఏం కనిపించింది, ఏం వద్దన్నారు, మళ్లీ ఎప్పుడు. మందుల చీటీ ఫొటో జతచేయకూడదు. ఆ మెయిల్ ఎంతమందికి పోతుందో మన చేతిలో ఉండదు. కమిటీ అడిగితే, డాక్టరు రాసిచ్చిన రెండు వరుసల కాగితం చూపిస్తే చాలు. గొంతు పోవడానికి పాత మైకులే కారణమని తోచినా ఇక్కడ రాయకూడదు. అదే సంగతి ‘తలకు తగిలించుకునే మైకు కావాలి’ అని అడిగితే పని జరుగుతుంది. నిందగా రాస్తే మైక్ సెట్ వాళ్లకూ కమిటీకీ మధ్య పంచాయితీ అవుతుంది.

ఆ మైకు అడగడం వెనక సంగతి కూడా చెప్పాలి. స్టాండు మైకు ముందు అటూ ఇటూ కదిలితే నోటికీ మైకుకూ దూరం మారుతుంది, గొంతు దాన్ని పూడ్చడానికి పెరుగుతుంది. తలకు తగిలించుకున్నది నోటి పక్కనే ఉంటుంది, మాట స్థాయిలో మాట్లాడినా చివరి వరుసకు వినిపిస్తుంది. తన వైపు తిప్పిన బాక్సులో తన గొంతు తనకు వినిపిస్తే అరవాలనిపించదు. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొడితే గొంతు ఎండిపోతుంది, దుమ్మూ లోపలికి పోతుంది. ఈ మూడూ కమిటీకి పెద్ద ఖర్చు కావు, కానీ మెయిల్‌లో రాయకపోతే ఏ ఒక్కటీ జరగదు.

చదివింపుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 30 నిమిషాల లెక్కను చెడగొట్టేది చాలాసార్లు అదే. కథ మధ్యలో చీటీలు చేతికి వస్తాయి: ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు ఐదువందల పదహార్లు. భాగవతార్ నోట తమ పేరు వినాలని ఇచ్చినవాళ్ల ఆశ. పది చీటీలు చదివేసరికి ఒక విడత సమయం అయిపోతుంది. మరొకరు చదువుతారని ముందే రాసి, కమిటీ మొదట్లోనే మైకులో ప్రకటిస్తే ఎవరూ నొచ్చుకోరు.

డబ్బు గురించి రాయకుండా వదిలేయడం మర్యాద అనుకునేవాళ్లున్నారు. నా అనుభవంలో అది కమిటీని ఇరకాటంలో పెడుతుంది. కోశాధికారి తనంతట తాను అడగలేడు, అడగకుండా పూర్తిగా ఇస్తే ఉభయదారుల్లో ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. భాగవతారే మొదట ఒక మాట అంటే, చాలాచోట్ల కమిటీలు ‘అదేం మాట సామీ’ అని పూర్తి సంభావనే ఇస్తాయి. తగ్గించినా తగవు ఉండదు. వాద్యాల వాళ్ల సంగతి విడిగా రాయడం మాత్రం మరిచిపోకూడదు. కథ తగ్గింది కదా అని వాళ్ల కూలి కోసేస్తే, పద్నాలుగో రోజున మృదంగం వాయించేవాడు ఉండడు.

‘దైవకృపతో రేపటికి సర్దుకుంటుంది’ అన్న వాక్యం ఆ మెయిల్‌లో కావాలనే లేదు. నమ్మకం ఉండాల్సిందే. కానీ అది చదివిన కార్యదర్శి మైకులో ‘రేపు యథావిధిగా’ అని చాటిస్తాడు. దాని బదులు పొద్దున 10 గంటల మెసేజ్ అనే ఏర్పాటు ఉంది. 10 గంటలు ఎందుకంటే, నిద్ర లేచిన గంటలో ఎవరి గొంతైనా బొంగురుగానే ఉంటుంది, అప్పటి తీర్పు నమ్మలేం. 10కి తెలిస్తే కథకు ఐదారు గంటల ముందు శిష్యుడు సిద్ధపడతాడు.

మెయిల్ టైపు చేయడం గురించి రెండు ముక్కలు. ఫోన్‌లో తెలుగు రాయాలంటే మనలో చాలామంది నోటితో చెప్పి టైపు చేయించడానికి అలవాటు పడ్డారు. గొంతు పోయినప్పుడు అది పనికిరాదు. మెయిల్ రెండు మూడుసార్లు దిద్దడానికి చెప్పే మాటలే పది నిమిషాలవుతాయి. కాగితం మీద రాసి శిష్యుడితో టైపు చేయించాలి. డీటీపీ సెంటర్లో చేయిస్తే యూనికోడ్‌లోనే చేయమనాలి. కరపత్రాలకు వాడే అను ఫాంట్లలో కొట్టి మెయిల్‌లో అతికిస్తే అవతలి ఫోన్‌లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

జవాబు వచ్చాక

కమిటీ సరేనంటే పని సగమే అయింది. ఆ మధ్యాహ్నం మైకులో ఏం చెప్పాలో కూడా భాగవతారే రాసి పంపడం మంచిది. లేకపోతే ఉత్సాహంలో కమిటీ సభ్యుడు ‘భాగవతార్ గారికి తీవ్ర అనారోగ్యం’ అనేస్తాడు, సాయంత్రానికి పక్క ఊళ్ల నుంచి పరామర్శలు మొదలవుతాయి. వచ్చిన ప్రతివాళ్లతో మాట్లాడాలి, గొంతు అక్కడ పోతుంది. ఇలా రాసిస్తే చాలు:

> భాగవతార్ గారికి గొంతు వాపు వచ్చింది. డాక్టరు సలహాతో పదో రోజు దాకా కథ 3.30 నుంచి 4.45 వరకు జరుగుతుంది. వేదిక దిగాక దయచేసి ఆయనతో మాట్లాడించవద్దు. చదివింపులు కమిటీ వారికి ఇవ్వండి.

కమిటీ ‘75 కాదు, రెండు గంటలు చేయండి’ అంటే? సమయం పెంచవచ్చు, కానీ భాగవతార్ గొంతు 30 నిమిషాలు దాటకూడదు. పెరిగిన 45 నిమిషాలకు శిష్యుడు మరో రెండు కీర్తనలు పాడతాడా, ఊళ్లోని భజన గోష్ఠి ఉందా అని అడగాలి. అసలు గొంతు లేని రోజుల్లో భజన గోష్ఠిని ముందు కూర్చోబెట్టడం నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ద్రౌపదమ్మ గుడి దగ్గర పాడాలని ఏళ్లుగా ఎదురుచూసే వాళ్లుంటారు.

కష్టమైన క్షణం వేదిక మీదే వస్తుంది. మూడో విడతలో గొంతు కొంచెం తెరుచుకున్నట్టు ఉంటుంది, జనం లీనమై ఉంటారు, ముందు వరుస పెద్దాయన ‘ఒక్క పద్యం సామీ’ అంటారు. దానికి ముందే శిష్యుడితో ఒక సైగ అనుకోవాలి. భాగవతార్ చెయ్యి గుండెల మీద పెట్టుకోగానే శిష్యుడు ఆ పద్యం ఎత్తుకోవాలి, వయొలిన్ వెంటనే అందుకోవాలి. అలా సాగితే కోరినవాళ్ల మాటా దక్కుతుంది, గొంతూ దక్కుతుంది. ఇంటికి వెళ్లాక, మర్నాడు పొద్దున గొంతు ముందురోజు కంటే ఎలా ఉందో చూసుకోవాలి. అదే స్థాయిలో ఉంటే లెక్క సరిపోయినట్టు. ముందురోజు కంటే బొంగురు పెరిగితే ఆ 30 నిమిషాలు ఎక్కువే, ఆ రోజు రెండు విడతలు చేసి 20 నిమిషాలకు దిగాలి.

పదకొండో రోజు డాక్టరు మళ్లీ చూసి తగ్గిందన్నా, అర్జున తపస్సు రోజు ఒక్కసారిగా మూడు గంటలకు ఎగబాకకూడదు. అర్జున వేషధారి ఎత్తైన తపసు మాను ఎక్కే ఘట్టానికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు, చప్పుడు ఎక్కువ, గొంతు పెరిగిపోయే రోజు అది. ఆ రోజుకు 90 నిమిషాలు, అందులో భాగవతార్ గొంతు 45, మర్నాడు రెండు గంటలు, ఆ పైన రోజుకో అరగంట. దుర్యోధన వధ కథకు మొత్తం గొంతు చేతిలో ఉండాలంటే ఈ నాలుగైదు రోజుల మెట్లు తప్పవు. ఈ వరుసను కూడా పదకొండో రోజు మధ్యాహ్నంలోపు రెండో మెయిల్‌గా, మొదటి దానికి జవాబు రూపంలోనే పంపాలి. అప్పుడు ఏ రోజుకు ఎన్ని నిమిషాలు అనుకున్నారో ఒకేచోట ఉంటుంది, కోశాధికారి లెక్క రాసుకునేటప్పుడు ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.